‘ఈరోజు నుంచి ఏడు రోజుల్లోపు’ అంటే ఏడు తేదీలా, ఎనిమిదా?

పట్టికలపిచ్చి: C నిలువు వరుసలో గడువు తేదీలున్నాయి. ‘ఈరోజు నుంచి ఏడు రోజుల్లోపు గడువున్న వాటికి రంగు వేయాలి’ అన్నారు. ఎక్సెల్‌లో ఈ నియమం పెట్టాను.

```
=AND(C2>=TODAY(),C2<=TODAY()+7)
```

జూన్ 10న తెరిస్తే 10 నుంచి 17 దాకా ఎనిమిది తేదీలకు రంగు పడింది. తప్పు వాక్యానిదా, ఫార్ములాదా?

తెలుగుతోట: ‘ఈరోజు నుంచి’ అన్నాక ఈరోజును వదలడానికి వీల్లేదు. పదోతేదీ మొదటి రోజయితే పదహారుతో ఏడూ నిండుతాయి. మీరు రెండు కొసలనూ కలుపుకున్నారు, అందుకే ఒకటి ఎక్కువైంది.

సులువుదారి: ఇంత చర్చ ఎందుకండీ? A Date Occurring అనే నియమంలో Next Week ఎంచుకుంటే అయిపోతుంది కదా.

తెలుగుతోట: అది వచ్చే వారం, రాబోయే ఏడు రోజులు కాదు. బుధవారం చూశారనుకోండి, రంగు ఆదివారం నుంచి శనివారం దాకా పడుతుంది. గురు, శుక్ర, శని గడువులు మామూలుగానే ఉండిపోతాయి. ముందు ముంచుకొచ్చేవి అవే!

గళ్లనుడి: ఖాళీ గళ్లకు కూడా రంగు పడుతుంది, జాగ్రత్త. నాకు ఎప్పుడూ అదే తలనొప్పి.

లెక్కలమనిషి: మీ నియమంలో పై హద్దు ఒక్కటే ఉండి ఉంటుంది. ఖాళీ గడిని ఎక్సెల్ ఇక్కడ సున్నాగా చూస్తుంది, సున్నా ఎప్పుడూ TODAY()+7 కంటే చిన్నదే. పైన ఇచ్చిన నియమంలో కింది హద్దు కూడా ఉంది కనుక ఆ బెడద లేదు.

అసలు చిక్కు గంటలతో. తేదీతో పాటు సమయం కూడా గడిలో ఉంటే అది రోజులో భాగంగా, దశాంశ సంఖ్యగా వచ్చి కలుస్తుంది. 17 మధ్యాహ్నం 3 గంటలంటే TODAY()+7 మీద మరో 0.625. పట్టికలపిచ్చి గారి నియమం ప్రకారం 17న ఉత్త తేదీకి రంగు పడుతుంది, మూడు గంటల గడువుకు పడదు. తెర మీద తేదీ మాత్రమే కనిపించేలా పెట్టి ఉంటే కారణం అంతుపట్టదు. అందుకే పై హద్దుకు <= వాడను, మరుసటి రోజు మొదలయ్యే దాకా < అంటాను. ఈరోజుతో కలిపి ఏడు కావాలంటే:

```
=AND(C2>=TODAY(),C2<TODAY()+7)
```

రేపటి నుంచి ఏడు, అంటే 11 నుంచి 17 దాకా కావాలంటే:

```
=AND(C2>=TODAY()+1,C2<TODAY()+8)
```

ఇక్కడ C2>TODAY() అని రాస్తే ఈరోజు మధ్యాహ్నం గడువు కూడా చొరబడుతుంది.

గళ్లనుడి: నిజమే, నాది ఒక్క హద్దే. మరి వరుసంతా రంగు రావాలంటే?

లెక్కలమనిషి: C2కు బదులు $C2 రాయండి. గళ్లను ఎంచుకునేటప్పుడు రెండో వరుస నుంచే మొదలుపెట్టండి. శీర్షికతో మొదలుపెడితే రంగు ఒక వరుస పైకి జరుగుతుంది.

పట్టికలపిచ్చి: లెక్కలమనిషి గారు ఇచ్చిన వాటిలో మొదటి ఫార్ములా పెట్టాను, ఏడే వచ్చాయి. కానీ అడిగినవారు 17 కూడా కావాలంటున్నారు, ‘లోపు’ అంటే ఏడో రోజు గడిచేదాకా అట.

తెలుగుతోట: నాకైతే ‘లోపు’ అంటే ఆ హద్దు దాటకముందే. అయినా ఈరోజును సున్నాగా లెక్కపెట్టేవారు ఉన్నారు. ఎనిమిది తేదీలూ కావాలో లేదో వారినే అడగండి.