అప్‌డేట్: కొత్తగా మొదలుపెట్టే ఫ్రెండ్‌కి కాఫీ గిఫ్ట్ సెట్

నా ప్రశ్న: "భీమవరంలో ఉండే ఫ్రెండ్ ఇన్నాళ్లూ ఇన్‌స్టంటే తాగాడు. ఫ్రెంచ్ ప్రెస్, గ్రైండర్, సిరప్‌లు ఉన్న బాక్స్ కొనిపెట్టనా?"

సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. ఆ బాక్స్ వద్దనుకుని ఇద్దరికి సరిపడే స్టీల్ ఫిల్టర్, చిన్న డిజిటల్ కాటా, 100 గ్రాముల అరకు ఫిల్టర్ పొడి ఇచ్చాను.

బాక్స్‌లోని గ్రైండర్ బ్లేడుది. గింజల్ని సమంగా ఆడదు, కొంత పిండి, కొంత రవ్వ. ఆ పిండి ప్రెస్ జాలీలోంచి జారి కప్పు అడుగున మడ్డిలా దిగుతుంది. సిరప్‌లైతే అసలు అక్కర్లేదు.

కాటా మాత్రం బాగా పనికొచ్చింది. 20 గ్రాముల పొడికి 100 మి.లీ. మరిగిన నీళ్లు. పొడే 40 మి.లీ. దాకా పీల్చుకుంటుంది కాబట్టి 60 మి.లీ. డికాషన్ దిగుతుంది, రెండు కప్పులకి చాలు.

మొదటిరోజు మాత్రం అరగంటైనా చుక్క పడలేదు, నీళ్లు పైనే నిలబడిపోయాయి. పొడిని గట్టిగా అదిమేయడమే కారణం. ఇక్కడెవరో చెప్పినట్టు పొడి పైభాగం సమం చేసి, అదుము బిళ్లని ఊరికే ఆనించి పెడితే పావుగంటలో దిగింది.

మన వైపు వానాకాలం తేమకి పొడి ఉండ కడుతుంది. పెద్ద ప్యాకెట్ ఇవ్వకండి, బిగుతు మూత డబ్బా కూడా జతచేయండి.