పాత స్విచ్ మారిస్తే చాలా, మేనేజ్డ్ స్విచ్ కొనాలా?

అందరికీ నమస్తే. మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంటికి 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. రౌటర్ కింద హాల్లో ఉంది, అక్కడి నుంచి మేడ మీదకి క్యాట్ 6 కేబుల్ లాగించాను. పైన ఓ పాత ఎనిమిది పోర్టుల స్విచ్, దానికి నా కంప్యూటర్, టీవీ, కొబ్బరితోట వైపు చూసే రెండు కెమెరాలు, వాటి రికార్డర్.

స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 94 దాటదు. కేబుల్ పాడైందేమోనని వారం రోజులు టెన్షన్ పడ్డాను. నిన్న స్విచ్ తీసేసి, కింద నుంచి వచ్చిన కేబుల్‌ని నేరుగా కంప్యూటర్‌కి పెట్టాను. విండోస్‌లో లింక్ స్పీడ్ `100/100 (Mbps)` నుంచి `1000/1000 (Mbps)`కి మారింది, టెస్ట్‌లో 290 వచ్చింది. అంటే కేబుల్ బాగానే ఉంది. స్విచ్ తిప్పి చూస్తే అడుగున 10/100 అని ఉంది. రికార్డర్ నుంచి వీడియోలు కాపీ చేసినా సెకనుకి 11 ఎంబీ మించకపోవడానికి కారణం కూడా ఇదేనన్నమాట.

షాపతను మేనేజ్డ్ స్విచ్ అయితేనే స్పీడ్ వస్తుందంటున్నాడు. నాకు తెలిసినంతలో వీలాన్‌లు పెట్టుకోవడానికి, ఏ పోర్టులో ఎంత ట్రాఫిక్ పోతోందో చూడటానికే అది కావాలి. వేగానికైతే మామూలు గిగాబిట్ అన్‌మేనేజ్డ్ స్విచ్ సరిపోదా? కెమెరాలు 100 ఎంబీపీఎస్‌వే. అవి ఉన్నంత మాత్రాన మిగతా పోర్టులు కూడా 100కి పడిపోతాయా? రేపు కెమెరాలను ఇంటి నెట్‌వర్క్ నుంచి వేరు చేయాలనుకుంటే మాత్రం వీలాన్ తప్పదా? అలా వాడుతున్నవారు ఉంటే చెప్పండి, వచ్చే వారం కాకినాడ వెళ్లినప్పుడు కొనాలి.