అప్‌డేట్: ఒక గ్రాము బంగారు నాణెం అమ్మితే చేతికి వచ్చింది ఎంత?

నా ప్రశ్న: "గ్రాము రూ.7,000 ఉన్నప్పుడు కొన్న ఒక గ్రాము నాణేన్ని, ధర రూ.7,700 అయినప్పుడు అమ్మితే పది శాతం లాభం వస్తుందా?"

ఆ ధరకు చేరినప్పుడు అమ్మాను. రూ.170 నష్టం వచ్చింది.

కొన్ననాడు నాణెం తయారీ ఖర్చు రూ.300, మొత్తం మీద 3 శాతం జీఎస్టీ కలిసి రూ.7,519 అయింది. బోర్డు మీద రాసిన రూ.7,700 దుకాణదారు మనకు అమ్మే ధర మాత్రమేనని, మన దగ్గర కొనే ధర రూ.7,550 అని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఆయన సీలు కవరు కత్తిరించి, నాణేన్ని యంత్రంలో పరీక్షించి, తరుగు కింద 2 శాతం, పరీక్ష రుసుము కింద రూ.50 తగ్గించి, రూ.7,349 నా చేతిలో పెట్టారు.

నన్ను ఎక్కువగా బాధించినది తూకానికి తగ్గట్టు పెరగని ఖర్చు. మా బావగారు అదే రోజుల్లో కొన్న పది గ్రాముల నాణేనికి తయారీ ఖర్చు మొత్తం రూ.900 మాత్రమే, పరీక్ష రుసుము కూడా అదే రూ.50. ఆయన రూ.73,027 పెట్టి కొన్నది నేను అమ్మిన రోజే అదే దుకాణంలో రూ.73,940కి అమ్ముడైంది. తరుగు శాతం, కొనే ధర ఇద్దరికీ ఒకటే అయినా ఆయనకు రూ.913 మిగిలింది.

కాబట్టి అమ్మదలచినవారు ముందుగా ఫోనులో "మీరు కొనే ధర ఎంత, తరుగు ఎంత, సీలు తీయకపోతే తగ్గింపు మారుతుందా" అని విడివిడిగా అడగండి. నేను మూడో ప్రశ్న అడగకుండానే కవరు కత్తిరించనిచ్చాను.