థాయ్‌లాండ్ హోటల్ రిసెప్షన్‌లో మగవాడు 'ఖ' అంటే ఎందుకు నవ్వుతారు?

హువాహిన్ ట్రైనీ:
అందరికీ నమస్కారం. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతూ ట్రైనింగ్ కోసం హువాహిన్ వచ్చాను. మొదటి నెల హౌస్‌కీపింగ్‌లో ఉన్నాను, ఈ వారం నుంచి రిసెప్షన్‌లో వేశారు. విదేశీ గెస్టులతో ఇంగ్లిష్‌లో నెట్టుకొస్తున్నా. శని, ఆదివారాల్లో మాత్రం బ్యాంకాక్ నుంచి థాయ్ కుటుంబాలు కార్లలో దిగుతాయి. వాళ్లతో రెండు ముక్కలు థాయ్‌లో మాట్లాడదామని వీడియోలు చూసి బట్టీ కొట్టాను. నిన్న ఒక పెద్దాయనకి చేతులు జోడించి "సవత్‌దీ ఖ" అన్నాను. ఆయన నవ్వు ఆపుకున్నాడు, పక్కనున్న అమ్మాయిలు ఆపుకోలేదు. ఏం తప్పు చేశానో ఎవరూ చెప్పట్లేదు, "బాగుంది బాగుంది" అంటున్నారు. ఇంకో మాట. రూమ్ రెడీగా లేదని గెస్టు చిరాకు పడితే "మై పెన్ రై" అన్నాను. ఆవిడ ముఖం ఇంకా మాడిపోయింది. చిన్న చిన్న మర్యాద మాటలు, రోజూ పనికొచ్చేవి, ఎవరైనా చెప్పండి. టెన్షన్‌గా ఉంది, మళ్లీ శనివారం వస్తోంది.

గోదావరి కుర్రాడు:
బ్రో, సింపుల్. ఎదుటివాళ్లు ఆడవాళ్లైతే 'ఖ', మగవాళ్లైతే 'ఖ్రప్'. నువ్వు పెద్దాయనకి 'ఖ' అన్నావు కాబట్టి నవ్వారు. పొద్దున పూట "అరున్ సవత్" అను, ఇంకా బాగుంటుంది. నేను పట్టాయా రెండుసార్లు వెళ్లొచ్చా.

బ్యాంకాక్ అక్క:
తమ్ముడూ, పై జవాబు సగమే కరెక్టు. ఆ సగంతోనే మళ్లీ నవ్వులపాలవుతావు. ఖ్రప్, ఖ అన్నవి ఎదుటివాళ్లని బట్టి మారవు, మాట్లాడేవాళ్లని బట్టి మారతాయి. నువ్వు మగపిల్లాడివి కాబట్టి ముసలమ్మతో మాట్లాడినా, పసిపాపతో మాట్లాడినా నీ నోట్లోంచి ఖ్రప్ అనే రావాలి. నేను ఎవరితో మాట్లాడినా ఖ అంటాను. నువ్వు చూసిన వీడియోలు ఏ అమ్మాయో చేసి ఉంటుంది, నువ్వు ఆవిడ మాట యథాతథంగా ఎత్తుకున్నావు. అంతే జరిగింది.

మన 'అండీ' ఉంది చూడు, అదే పని చేస్తుంది ఇది. "కూర్చోండి" అన్నాక కూడా "కూర్చోండి అండీ" అని ఒక మెత్తదనం తగిలిస్తాం కదా, అలాగే వాక్యం చివర ఇది తగలాలి. తేడా ఏమిటంటే మన అండీకి ఆడా మగా లేదు.

"అరున్ సవత్" పుస్తకాల్లో, ఫోన్లో పంపుకునే పువ్వుల బొమ్మల మీద కనిపిస్తుంది. కౌంటర్ దగ్గర ఎవరూ అనరు. పొద్దునైనా అర్ధరాత్రైనా సవత్‌దీ ఒక్కటే చాలు. అది మన 'స్వస్తి' నుంచే కట్టిన మాట. 1930లలో చులాలొంగ్‌కోర్న్ యూనివర్సిటీలో మొదలైంది, 1943లో ప్రభుత్వం అందరినీ వాడమంది. అంతకుముందు "ఎక్కడికి వెళ్తున్నారు", "అన్నం తిన్నారా" అనే పలకరింపులే. మనూళ్లలోలాగే.

గోదావరి కుర్రాడు:
ఓహో. రెండు ట్రిప్పుల్లో నేను ఎంతమంది అమ్మాయిలకి 'ఖ' అన్నానో ఇప్పుడు లెక్కేసుకుంటున్నా.

హువాహిన్ ట్రైనీ:
అక్కా, దండం. మరి 'మై పెన్ రై' సంగతి? 'నో ప్రాబ్లమ్' అనే అర్థం కదా?

బ్యాంకాక్ అక్క:
అర్థం అదే, కానీ ఎవరు అనాలి అన్నది ముఖ్యం. "ఫర్వాలేదులే" అని ఇబ్బంది పడ్డవాడు అనాలి, ఇబ్బంది పెట్టినవాడు అనకూడదు. పెళ్లి భోజనాల్లో సాంబారు ఒకాయన చొక్కా మీద ఒలకబోసి, వడ్డించేవాడే "ఏం ఫర్వాలేదండీ" అంటే ఎలా ఉంటుంది? ఆవిడకీ అలాగే ఉంది.

నేను బ్యాంకాక్‌లో ఆరేళ్లు ఫ్రంట్ ఆఫీసులో చేసినవాళ్ల పక్కనే పనిచేశాను, వాళ్లు ఇలా నడిపిస్తారు. ఒంటిగంటకి ఒక కుటుంబం వచ్చింది, రూమ్ ఇంకా తుడుస్తున్నారు అనుకో.

ముందు సవత్‌దీ ఖ్రప్. వెంటనే "యిన్‌దీ తోన్‌రప్ ఖ్రప్", అంటే స్వాగతం అండీ. ఆ తోన్‌లోని ఓ మన ఓ కాదు, ఓకీ ఆకీ మధ్య, నోరు కాస్త ఎక్కువ తెరిచి. తర్వాత "చోంగ్ హోంగ్ వై మై ఖ్రప్?", రూమ్ బుక్ చేసుకున్నారా అండీ. పేరు అడగడానికి వీడియోల్లో "ఛూ అరాయ్" నేర్పుతారు, అది 'పేరేంటి' అన్నంత మొరటుగా ఉంటుంది. కౌంటర్ దగ్గర "ఖో సాప్ ఛూ దువయ్ ఖ్రప్" అనాలి. ఖో అంటే అడుక్కోవడం, కోరడం. 'పేరు తెలుసుకోవచ్చా అండీ' అన్నట్టు వస్తుంది. ఈ ఖో నీకు రోజంతా పనికొస్తుంది, కానీ దాన్ని కింద నుంచి పైకి లాగుతూ పలకాలి, మనం అనుమానంగా "ఆఁ?" అన్నట్టు.

థాయ్ వాళ్లని పాస్‌పోర్ట్ అడగవు కదా, ఐడీ కార్డు అడుగుతావు. "ఖో బత్ ప్రఛాఛొన్ దువయ్ ఖ్రప్." బత్ అంటే మన పత్రమే, ప్రఛాఛొన్ మన ప్రజా, జన. ప్రజాజన పత్రం అని గుర్తుపెట్టుకుంటే మర్చిపోవు.

ఇప్పుడు చేదు వార్త. "హోంగ్ యంగ్ మై ఫ్రోమ్ ఖ్రప్", రూమ్ ఇంకా రెడీ కాలేదండీ. దీని ముందో వెనకో "ఖో అఫై దువయ్ ఖ్రప్" తప్పకుండా రావాలి. అఫై అంటే అభయమే. 'మీ అభయం కోరుతున్నాను' అని క్షమాపణ చెప్పడం. మామూలు క్షమాపణకి "ఖో థోత్" చాలు, అందులో ఉన్నది మన దోషం. హోటల్ తరఫున తప్పు జరిగినప్పుడు ఖో అఫై బరువుగా ఉంటుంది. తర్వాత "ప్రమాన్ ఖ్రుంగ్ ఛువా మోంగ్", సుమారు అరగంట. చివరగా "ఛెర్న్ నంగ్ ఖ్రప్", కూర్చోండి అండీ. ఛెర్న్‌లో ర పలకదు, వేరే దారిలేక అలా రాశాను. ఎంత సేపో చెప్పి కుర్చీ చూపిస్తే సగం కోపం అక్కడే దిగుతుంది. నువ్వు ఈ రెండూ వదిలేసి ఫర్వాలేదు అన్నావు.

గయ హోటల్:
నాది వేరే సమస్య. బోధ్‌గయలో చిన్న హోటల్ నడుపుతున్నాను, మాది నెల్లూరు. చలికాలంలో థాయ్ యాత్రికులు బస్సుల్లో వస్తారు, వాళ్లతో భిక్షువులు ఉంటారు. పోయినేడు మా మేనేజరు ఒక పెద్ద భిక్షువుకి సవత్‌దీ ఖ్రప్ అన్నాడు. గైడు పక్కకి లాగి ఏదో చెప్పాడు, మాకు సరిగా అర్థం కాలేదు.

బ్యాంకాక్ అక్క:
భిక్షువులకి సవత్‌దీ వాడరండీ. "నమత్సకాన్ ఖ్రప్" అనాలి, మన నమస్కారమే. చేతులు కూడా పైకి వెళ్లాలి, బొటనవేళ్లు కనుబొమల మధ్యకి వచ్చేలా తల వంచాలి. ఆయన తిరిగి చేతులు జోడించరు, అది అహంకారం కాదు, పద్ధతి. ఇంకొకటి, మీ కౌంటర్‌లో అమ్మాయి ఉంటే తాళం చెవి ఆయన చేతికి ఇవ్వకూడదు. కౌంటర్ మీద పెట్టి చెయ్యి తీసేస్తే ఆయనే తీసుకుంటారు. మగవాళ్లు చేతికివ్వొచ్చు.

గయ హోటల్:
అదన్నమాట! మా అమ్మాయి రెండు చేతులతో గౌరవంగా ఇవ్వబోతే ఆయన వెనక్కి జరిగారు. పాపం, ఆ రోజంతా డల్‌గా ఉంది.

టూర్ ప్లాన్:
నేను వచ్చే నెల ఫ్యామిలీతో ఫుకెట్ వెళ్తున్నా. హోటల్ వాళ్లు నమస్కారం పెడితే నేనూ పెట్టాలా? రూమ్ తక్కువకి ఇవ్వమని థాయ్‌లో ఎలా అడగాలి?

బ్యాంకాక్ అక్క:
ఈ ప్రశ్న గెస్టు వైపు నుంచి, ఇక్కడ కౌంటర్ లోపలి గొడవ నడుస్తోంది. నవ్వి తల ఊపితే చాలు. బేరం సంగతికి వేరే పోస్టు పెట్టండి.

హువాహిన్ ట్రైనీ:
అక్కా, ఇవన్నీ ప్రాక్టీస్ చేశా. ఒకమ్మాయి విని "నీ ఖ్రప్ బాగుంది, నీ మై బాలేదు" అంది. నాకేం అర్థం కాలేదు. నేను రాసుకున్నదాంట్లో రెండు చోట్లా మై ఒకటేగా?

బ్యాంకాక్ అక్క:
తెలుగులో రాస్తే ఒకటే, నోట్లో వేరు. "వై మై ఖ్రప్?"లో మై ప్రశ్న, కింద నుంచి పైకి లేవాలి. "యంగ్ మై ఫ్రోమ్"లో మై అంటే కాదు, లేదు అని, పై నుంచి కిందికి పడాలి. తారుమారైతే నువ్వు కాదంటున్నావో అడుగుతున్నావో తెలియదు.

మనవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. ఖ అని రాసి క అని చదువుతాం. ఇక్కడ ఆ ఊపిరి తేడా కచ్చితంగా కావాలి. పొద్దున టిఫిన్ దగ్గర కై అంటే కోడి, ఖై అంటే గుడ్డు. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని చూడు, ఖై అన్నప్పుడు గాలి తగలాలి, కై అన్నప్పుడు తగలకూడదు.

అమ్మాయిలు ఎవరైనా చదువుతుంటే వాళ్లకి: మీకు ఇంకో మెలిక ఉంది. మామూలు వాక్యం చివర ఖ కిందికి పడాలి, ప్రశ్న చివర, మాటని మెత్తబరిచే 'న' తర్వాత పైకి ఉండాలి. రాతలో ఈ రెండిటినీ థాయ్ వాళ్లే ఆన్‌లైన్‌లో తప్పు రాస్తుంటారు, కాబట్టి బెంగ వద్దు. మగవాళ్ల ఖ్రప్ ఎప్పుడూ ఒకే తీరు.

గోదావరి కుర్రాడు:
ఒక డౌట్. నేను విన్నంతవరకూ ఎవరూ ఖ్రప్ అనలేదు, అందరూ ఖప్ అనే అంటున్నారు. ర ఎక్కడ పోయింది?

బ్యాంకాక్ అక్క:
ఈసారి కరెక్టుగా విన్నావు. మామూలు మాటల్లో ర జారిపోతుంది. కౌంటర్ దగ్గర మాత్రం ర స్పష్టంగా పలకమని మా వాళ్లు చెప్పేవాళ్లు.

ఫుకెట్ షెఫ్:
మా దగ్గర అలా ఏం లేదు. పదేళ్లుగా ఖప్ అంటున్నాను, జనరల్ మేనేజరుతో సహా. విదేశీయుడు మరీ ర నొక్కి పలికితే టీవీ న్యూస్ చదివినట్టు ఉంటుంది అంటారు మా కిచెన్‌లో.

బ్యాంకాక్ అక్క:
కిచెన్ వేరు, కౌంటర్ వేరు కదండీ.

ఫుకెట్ షెఫ్:
సరే, అది మీ మాట. నా మాట ఖప్.

హువాహిన్ ట్రైనీ:
శనివారం అయిపోయింది, రిపోర్టు ఇస్తున్నా. ఐడీ కార్డు మీద సోమ్‌చాయ్ అని మొదటి పేరు, వెనక పొడుగాటి ఇంటిపేరు ఉంది. ఇంటిపేరు పలకడానికి తంటాలు పడుతుంటే పక్కనమ్మాయి "ఖున్ సోమ్‌చాయ్ అను చాలు" అంది. ఇక్కడ మర్యాదకైనా మొదటి పేరే వాడతారట, ముందు ఖున్ తగిలించి. మన గుణమే అట కదా ఖున్. మనకి గారు వెనక వస్తుంది, వీళ్లకి ముందొస్తుంది. రూమ్ మళ్లీ లేటైంది. ఖో అఫై, ప్రమాన్ ఖ్రుంగ్ ఛువా మోంగ్, ఛెర్న్ నంగ్, మూడూ వరసగా చెప్పా. ఆయనే "మై పెన్ రై ఖ్రప్" అన్నాడు! వెళ్లేటప్పుడు ఏమనాలో తెలియక ఖోప్ ఖున్ ఖ్రప్ ఒక్కటే అన్నా.

బ్యాంకాక్ అక్క:
ఆ మాట ఆయన నోట వచ్చిందంటే నువ్వు పాసైనట్టే. వెళ్లేటప్పుడు థ్యాంక్స్ తర్వాత "దెర్న్ థాంగ్ ప్లోత్ ఫై న ఖ్రప్" అను. థాంగ్ అంటే దారి, ఫై అంటే భయం. దారిలో ఏ భయమూ లేకుండా వెళ్లిరండి అని. దెర్న్‌లోనూ ర పలకదు. చివర 'న' మర్చిపోకు, అది లేకపోతే ఆర్డరు వేసినట్టుంటుంది.

హువాహిన్ ట్రైనీ:
రాసుకున్నా. ఇంకొక్కటే. ఒక చేతిలో కార్డు మెషీన్, ఇంకో చేతిలో పెన్ను ఉన్నప్పుడు కొత్త గెస్టు వస్తే చేతులు జోడించాలా, తల వంచితే చాలా? మా సీనియర్లు ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తున్నారు.

ఫుకెట్ షెఫ్:
తల వంచి నవ్వు, చాలు.

బ్యాంకాక్ అక్క:
పెన్ను కింద పెట్టు తమ్ముడూ. ఎంతసేపు పడుతుంది?