ఈ వ్యాసంలో మా అమ్మాయి గొంతు ఎంత మిగిలిందో చెప్పగలరా?

మేము టెక్సస్‌లో ఉంటాము. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఇక్కడి కాలేజీల దరఖాస్తుకు పంపే కామన్ యాప్ వ్యాసాన్ని ఆరుసార్లు తిరగరాసింది. పరిమితి 650 పదాలు. డబ్బిచ్చి పెట్టుకున్న సలహాదారు దిద్దిన తరువాత భాష నున్నబడింది కానీ, పిల్ల కనబడడం లేదని నా అనుమానం.

వ్యాసం ఇంగ్లీషులో ఉంది, భావం తెలుగులో చెబుతాను. గుడి క్యాంటీన్‌లో టోకెన్లు ఇచ్చే పని గురించి మొదట ఇలా రాసింది: "పులిహోర అయిపోయిందని చెప్పడం నాకు చేతకాదు. ఒకసారి ముగ్గురికి టోకెన్లు ఇచ్చేసి వంటగదిలో దాక్కున్నాను." ఇప్పుడది "ఆ శనివారాలు నాకు సహనాన్ని, నాయకత్వాన్ని, సేవ విలువను నేర్పాయి" అయింది. గుడి తీసేసి ఆసుపత్రి అని పెట్టినా ఈ వాక్యం చెక్కుచెదరదు. దాక్కున్న పిల్ల మాత్రం ఇంకెవరి వ్యాసంలోనూ ఇమడదు.

అయితే పాత ప్రతి కూడా గొప్పదేమీ కాదు. గుడి ఎప్పుడు కట్టారో చెప్పడానికే నూట యాభై పదాలు పోయాయి. దాక్కున్న తరువాత ఏమైందో రాయనే లేదు. (ఆ ముగ్గురికీ వంటాయన ఉప్మా చేసి పెట్టాడట. ఆ సంగతి నాకు భోజనాల దగ్గర చెప్పింది!)

ఇలాంటి వ్యాసాలు చదివే అలవాటున్నవారు రెండు ప్రతులూ చూసి, సొంత గొంతుకు, స్పష్టతకు విడివిడిగా అయిదుకు ఇన్ని అని మార్కులు వేయగలరా? ఎవరైనా రాయగల వాక్యాల కింద గీత గీస్తే చాలు, దయచేసి దిద్దకండి. గడువు నవంబరు 1. పాత ప్రతికి వెళ్లి ఉప్మా సంగతి చేర్చమనాలా, కొత్తదాన్నే సడలించమనాలా?