ఆమోదం పొందిన డ్రాయింగ్ ఏదో షాపువారికి తెలిసేదెలా?

ప్రశ్న (గాజువాక, డిజైన్ ఆఫీసు): మాది ఆరుగురం పనిచేసే చిన్న స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసు. గత నెలలో ఒక ప్లాట్‌ఫారం డ్రాయింగును క్లయింటు వ్యాఖ్యలతో తిప్పి పంపగా, బోల్టు రంధ్రాల మధ్య దూరాన్ని 60 మిల్లీమీటర్ల నుంచి 75కు మార్చి మళ్లీ పంపించాము. అయితే ఆటోనగర్‌లోని ఫ్యాబ్రికేషన్ షాపువారు అప్పటికే మొదటి ఫైలును వాట్సాప్‌లో అందుకొని, ప్రింటు తీసుకొని, 11 బీములకు పాత దూరంతోనే రంధ్రాలు వేసేశారు. మా సర్వరులో `platform_final.pdf`, `platform_final_new.pdf`, `platform_approved1.pdf` అని మూడు ఫైళ్లున్నాయి గాని, అప్పటికి వాటిలో ఒక్కటీ ఆమోదం పొందినది కాదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనే స్థితిలో లేము. దయచేసి పద్ధతి చెప్పగలరు.

ఒక సైట్ ఇంజనీరు: ఫైలు పేరులోనే తేదీని, ఆమోదాన్ని రాసెయ్యండి. `PLATFORM_APPROVED_2025-03-07.pdf` అన్నట్టు సంవత్సరాన్ని ముందు రాస్తే ఫైళ్లు వాటంతటవే వరుసలో ఉంటాయి.

దువ్వాడ నుంచి, విశ్రాంత డాక్యుమెంట్ కంట్రోలర్: సంవత్సరాన్ని ముందు రాయాలన్న మాట సరైనదే. ఆమోదాన్ని పేరులో పెట్టడం మాత్రం ఇబ్బంది తెస్తుంది. సోమవారం ఆమోదం కోసం పంపిన డ్రాయింగును శుక్రవారం క్లయింటు ఆమోదిస్తే, డ్రాయింగులో ఒక్క గీత కూడా మారదు, దాని స్థితి మాత్రమే మారుతుంది. అప్పుడు మీరు పేరు మార్చినా, ఇతరుల మెయిళ్లలోను ఫోన్లలోను ఉన్న కాపీ పాత పేరుతోనే ఉండిపోతుంది. కాబట్టి పేరులో ఎన్నటికీ మారని నంబరు, దాని వెనుక రివిజన్, ఈ రెండే ఉండాలి.

```
P12-STR-DRG-014_B.pdf
```

ఆమోదం వచ్చేవరకు ఎ, బి, సి అక్షరాలు వాడి, నిర్మాణానికి విడుదల చేసేటప్పుడు 0, ఆపై మార్పులకు 1, 2 అని వేసుకుంటే, అక్షరం కనిపించగానే షాపువారు కోత మొదలుపెట్టకూడదని తెలుసుకుంటారు. `I`, `O` అక్షరాలను వదిలేయండి, ప్రింటులో అవి 1గా, 0గా కనిపిస్తాయి.

స్థితి ఉండవలసిన చోటు రిజిస్టరు. ఒక ఎక్సెల్ షీటులో నంబరు, రివిజన్, పంపిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ, స్థితి, ప్రింటు ఎవరికి ఇచ్చారు అన్న గడులు చాలు. ఫోల్డర్లు నాలుగు పెట్టుకోండి: `01_WIP`, `02_ISSUED`, `03_APPROVED`, `04_SUPERSEDED`. మూడో దానిలో ఫైలు పెట్టే అనుమతి ఒక్కరికే ఉండాలి, కొత్తది పెట్టిన క్షణంలోనే పాతది నాలుగో దానిలోకి వెళ్లాలి. మూడో ఫోల్డరులో ఒకే నంబరు రెండుసార్లు కనిపించిందంటే, ఎక్కడో తప్పు జరిగినట్టే.

మరొక సభ్యుడు: 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఆఫీసులోకి నీరు చేరి రెండు కంప్యూటర్లు పాడైపోయాయి. అప్పటి నుంచి అన్నీ ఆన్‌లైన్ డ్రైవులోనే దాచుకుంటున్నాము, అది పాత వెర్షన్లను కూడా ఉంచుతుంది. మీరూ అలా చేస్తే సరిపోదా?

దువ్వాడ: అది ఫైలు పోకుండా కాపాడుతుందండీ, తప్పక చేయవలసిన పనే. కానీ ఇక్కడ ఫైలు పోలేదు, ఉండకూడని చోట ఉండిపోయింది. షాపు గోడకు అంటించిన ప్రింటు గురించి డ్రైవుకు ఏమీ తెలియదు.

ప్రశ్న అడిగినవారు: మా డ్రాఫ్ట్స్‌మన్‌కు ఒక అభ్యంతరం ఉంది. ఆటోక్యాడ్ ఫైలు పేరులో రివిజన్ చేరిస్తే, దానిని ఎక్స్‌రెఫ్‌గా పిలుచుకునే మిగతా డ్రాయింగులన్నీ దానిని కనుక్కోలేకపోతున్నాయి.

దువ్వాడ: ఆయన చెప్పింది నిజం, నేను ముందే చెప్పవలసింది. పనిలో ఉన్న `P12-STR-DRG-014.dwg` పేరు మార్చకండి. రివిజన్ టైటిల్ బ్లాకులోను, బయటికి వెళ్లే పీడీఎఫ్ పేరులోను ఉంటే చాలు. పంపిన ప్రతిసారి `ETRANSMIT` కమాండుతో ఎక్స్‌రెఫ్‌లతో సహా ఒక జిప్ చేసి, ఆ రివిజన్ పేరుతో రెండో ఫోల్డరులో పెట్టండి.

సైట్ ఇంజనీరు: వ్యాఖ్యలతో ఆమోదం అని వస్తే కోత మొదలుపెట్టవచ్చా? మా సైటులో మొదలుపెడతారు.

దువ్వాడ: కాంట్రాక్టులో ఏమి రాసుకున్నారన్నదానిపై అది ఆధారపడుతుంది. నేనైతే ఆ వ్యాఖ్యలు డ్రాయింగులోకి ఎక్కి 0 వచ్చేవరకు షాపుకు ఇవ్వను. గడువు తరుముతున్నప్పుడు అలా ఆగడం సాధ్యం కాదనేవారి వాదనను కొట్టిపారేయలేను.

ప్రశ్న అడిగినవారు: నిన్న నాలుగు ఫోల్డర్లు చేసి ఫైళ్లను సర్దాము. మూడో దానిలో రెండు నంబర్లు రెండేసిసార్లు కనిపించాయి. వాటిలో ఒకదాని పాత ప్రింటు ఇంకా షాపులోనే ఉందని ఫోనులో తెలిసింది, రేపు ఉదయం నేనే వెళ్లి దానిని వెనక్కి తీసుకొని, కొత్తది ఇచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటాను.