96కి బిడ్ వేస్తే షేర్లు రాలేదు, కటాఫ్ కొట్టి ఉండాల్సిందా?

మాది అనంతపురం. శెనక్కాయలు అమ్మిన డబ్బుతో మొదటిసారి ఒక ఐపీఓకి అప్లై చేసినా. ధర శ్రేణి 95 నుంచి 100 రూపాయలు, లాటుకు 150 షేర్లు. ఎట్లూ బేరమే కదా అని 96 అని వేసినా. యూపీఐలో 14,400 బ్లాక్ అయింది.

మా బావ మాత్రం కటాఫ్ టిక్ పెట్టినాడు, ఆయనకు 15,000 బ్లాక్ అయింది. బుక్ నిండిపోయి చివరి ధర 100గా తేలింది. ఆయనకు ఒక లాటు వచ్చింది, నాకు సున్నా. డబ్బు అన్‌బ్లాక్ అయింది, అంతవరకు టెన్షన్ లేదు.

నాకు అర్థమైనంతలో, చివరి ధర కన్నా తక్కువ వేసిన బిడ్ లాటరీకి కూడా పోదు. ఇది నిజమేనా అన్నా?

ఇంకొకటి: బావ లిస్టింగ్ రోజే అమ్ముతానంటున్నాడు. ఆ రోజు 9 నుంచి ప్రీ ఓపెన్, 10కి మామూలు ట్రేడింగ్ అంటున్నారు. ప్రీ ఓపెన్‌లో ధర పెట్టకుండా మార్కెట్ ఆర్డర్ ఇస్తే ఏ ధరకు పోతుంది? లిమిట్ పెట్టడమే మేలా? అమ్మినోళ్లు ఎవరైనా చెప్పండి.